హైదరాబాద్ నుంచి వైజాగ్: రాత్రి రైలా, బస్సా, ఫ్లైటా? మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారితో ప్రయాణం

నిజాంపేట శ్రావణి
మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ఆడపడుచు వాళ్లు వైజాగ్ మధురవాడలో ఇల్లు కట్టుకున్నారు. ఇంకో ఐదు వారాల్లో, శనివారం ఉదయం 10:30కి గృహప్రవేశం. మా వారు రెండు రోజుల ముందే వెళ్లిపోతారు. నేను, 67 ఏళ్ల మా అత్తయ్యగారు, ఏడేళ్ల మా బాబు శుక్రవారం బయలుదేరాలి. ఇల్లు కూకట్‌పల్లి దగ్గర నిజాంపేట రోడ్డులో. ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం, సోమవారం 10 గంటలకు నేను ఆఫీసులో ఉండాలి.

అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. షుగర్ కూడా ఉంది కాబట్టి రాత్రి రెండు మూడు సార్లు బాత్రూమ్‌కి లేస్తారు. ఇప్పుడు చూస్తే రైల్లో థర్డ్ ఏసీ మనిషికి ₹1,150 దరిదాపు ఉంది. ఏసీ స్లీపర్ బస్సు ₹1,500 నుంచి ₹1,900. శుక్రవారం రాత్రి 9:15 ఫ్లైట్ ₹4,800, శనివారం తెల్లవారుజామున ఉన్నది ₹4,300. డబ్బు ముఖ్యమే, కానీ ఆవిడ అలిసిపోయి పీటల దగ్గర కూర్చోలేని పరిస్థితి రాకూడదు. ఈ దారిలో తరచూ తిరిగేవాళ్లు చెప్పండి.

హైటెక్ రవి
మంగళవారం, రాత్రి 9:52

ఫ్లైటే. గంటా పది నిమిషాల ప్రయాణానికి ఇంత ఆలోచన ఎందుకండీ? పెద్దావిడతో రాత్రంతా ప్రయాణం ఏమిటి?

చిట్టివలస
మంగళవారం, రాత్రి 10:15

వందేభారత్ ఎక్కండి అక్కా. ఎనిమిదిన్నర గంటల్లో దింపేస్తుంది. సీట్లు బాగుంటాయి, భోజనం పెడతారు. మా నాన్నగారిని దాంట్లోనే తీసుకెళ్లాను.

నిజాంపేట శ్రావణి
మంగళవారం, రాత్రి 10:31

తమ్ముడూ, అది పగటి బండి. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం 3 ప్రాంతంలో బయలుదేరి రాత్రి 11:30 ప్రాంతంలో చేరుతుంది. దాంట్లో పడుకునే వీలు లేదు. అత్తయ్యగారు మోకాళ్లు మడిచి అన్ని గంటలు కూర్చోలేరు. అందుకే రాత్రి ప్రయాణం అడిగాను.

గోదావరి పాసింజర్
మంగళవారం, రాత్రి 11:20

శ్రావణిగారూ, నేను 22 ఏళ్లుగా ఈ దారిలో నెలకు రెండుసార్లయినా తిరుగుతున్నాను. ఉద్యోగం ఇక్కడ, అమ్మానాన్నలు అనకాపల్లిలో. మూడింట్లోనూ వెళ్లినవాణ్ని. కొంచెం వివరంగా రాస్తాను.

రవిగారు చెప్పిన గంటా పది నిమిషాలు విమానం గాల్లో ఉండే సమయం. మీరు లెక్క వేసుకోవాల్సింది మీ గడప నుంచి ఆడపడుచుగారి గడప దాకా. రాత్రి 9:15 ఫ్లైట్ అంటే 8:15కల్లా లగేజీ కౌంటర్ మూసేస్తారు. శుక్రవారం సాయంత్రం నిజాంపేట నుంచి ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరడానికి గంటన్నర పెట్టుకోండి. పెద్దావిడకు వీల్‌చైర్ అడిగితే ఇంకొంచెం ముందే ఉండాలి. అంటే 6 గంటలకు ఇంట్లోంచి కదలాలి. 10:30కి వైజాగ్‌లో దిగి, లగేజీ తీసుకుని, క్యాబ్ పట్టుకుని మధురవాడ వెళ్లేసరికి 11:45. మొత్తం ఐదు గంటల ముప్పావు. అయినా ఇది మంచి ప్రయాణమే. ఎందుకంటే అర్ధరాత్రికల్లా ఆవిడ మంచం మీద పడుకుంటారు.

శనివారం తెల్లవారుజాము ఫ్లైట్ మాత్రం వద్దు. ₹500 తక్కువకు వస్తుందని చాలామంది అదే తీసుకుంటారు. 6:30 ఫ్లైట్‌కి మూడింటికి లేచి మూడున్నరకు కదలాలి. రాత్రి నిద్ర పోతుంది, మధురవాడ చేరేసరికి 9 అవుతుంది. ముందురోజు సాయంత్రం ఎక్కిన రైలు దానికంటే ముందే దింపుతుంది.

ఇక రైలు. మీకు పనికొచ్చేవి రెండు. గోదావరి సాయంత్రం 5 దాటగానే నాంపల్లిలో బయలుదేరి, తెల్లారి 6 ప్రాంతంలో వైజాగ్ చేరుతుంది. గరీబ్‌రథ్ రాత్రి 8:30 ప్రాంతంలో సికింద్రాబాద్‌లో బయలుదేరి 8 ప్రాంతంలో చేరుతుంది. ఆఫీసు చూసుకుని వెళ్లేవాళ్లకు రెండోదే వీలుగా కనిపిస్తుంది. కానీ మీ ముహూర్తం 10:30. వైజాగ్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారాలు సరిపోవు, వచ్చిన బండ్లను దువ్వాడలోనో స్టేషన్ బయట సిగ్నల్ దగ్గరో ఆపేస్తుంటారు. 17 కిలోమీటర్ల దూరంలో ఉన్న దువ్వాడకు టైముకే వచ్చి, అక్కణ్నుంచి గంట పట్టిన రోజులు నేను చాలా చూశాను. 6కి రావాల్సిన బండి 7కి వస్తే మీకు ఏమీ కాదు. 8కి రావాల్సిన బండి 9:15కి వస్తే, మధురవాడ చేరేసరికి 10 దాటుతుంది. ఆవిడకు స్నానం చేసే వీలు కూడా ఉండదు.

గోదావరికి ఇంకో లాభం ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది పెద్దదే. నాంపల్లి చివరి స్టేషన్. పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. అందుకని మెట్ల వంతెన ఎక్కకుండానే నేల మీద నడిచి ఏ ప్లాట్‌ఫారానికైనా వెళ్లొచ్చు. బండి అక్కడే మొదలవుతుంది కాబట్టి ముందే పెట్టి ఉంచుతారు, నిదానంగా ఎక్కొచ్చు. అదే బండిని సికింద్రాబాద్‌లో ఎక్కాలంటే, ఆ జనంలో, ఆగే కాసేపట్లో ఆవిడను, బాబును, పెట్టెలను ఎక్కించడం మీ ఒక్కరికీ కష్టం.

గోదావరితో చిక్కల్లా మీ ఆఫీసు. మూడున్నరకు ఇంట్లోంచి కదలాలి, కాబట్టి శుక్రవారం సగం రోజు సెలవు పెట్టాల్సిందే. రైలు ఖర్చులో దాన్ని కూడా వేసుకోండి.

మల్కాజిగిరి మూర్తి
బుధవారం, ఉదయం 6:50

పెద్దవయసు ఆడవాళ్లకు రైల్లో 50 శాతం రాయితీ ఉంటుంది కదా? ఆవిడ టికెట్ ఇంకా తగ్గుతుంది. పైగా రైలు చార్జీ ఎప్పుడు కొన్నా ఒకటే, బస్సులా ఫ్లైట్‌లా పెరగదు. ఇంకో మాట, సికింద్రాబాద్ స్టేషన్ పనులు జరుగుతున్నాయని బండ్లన్నీ చర్లపల్లికి మార్చేశారు. కూకట్‌పల్లి నుంచి చర్లపల్లి అంటే ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లడమే. అది చూసుకోండి.

గోదావరి పాసింజర్
బుధవారం, ఉదయం 7:35

మూర్తిగారూ, పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, ఇప్పుడు లేదు. చార్జీ మారదన్నది గోదావరికి, గరీబ్‌రథ్‌కి నిజం. వారానికి మూడు రోజులు నడిచే దురంతోకు కాదు. దాంట్లో ప్రతి 10 శాతం బెర్తులు అమ్ముడయ్యేకొద్దీ రేటు పెరుగుతుంది. ఆలస్యంగా చూసినవాళ్లకు అదే బెర్తు చాలా ఎక్కువ పడుతుంది. చర్లపల్లికి మారినవి కొన్నే, అన్నీ కాదు. టికెట్ కొనేటప్పుడు స్టేషన్ పేరు పక్కన HYB ఉందా, SC ఉందా, CHZ ఉందా చూస్తే తెలిసిపోతుంది. నాంపల్లి HYB, చర్లపల్లి CHZ.

రాయితీ పోయినా కింది బెర్తు కోటా మాత్రం ఉంది, ఇది చాలామందికి తెలియదు. 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లు, 60 దాటిన మగవాళ్లు ఒక్కరే గానీ, అలాంటివాళ్లు ఇద్దరు కలిసి గానీ టికెట్ తీసుకుంటే ఆ కోటాలో కింది బెర్తు వస్తుంది. మీరూ బాబూ అదే టికెట్ మీద ఉంటే ఆ కోటా వర్తించదు. కాబట్టి అత్తయ్యగారికి విడిగా ఆ కోటాలో తీసుకోండి, మీ ఇద్దరికీ వేరే టికెట్. రెండూ వెంటవెంటనే తీసుకున్నా పక్కపక్కనే వస్తాయని చెప్పలేం, వేరే పెట్టెలో కూడా పడొచ్చు. రైలెక్కాక సర్దుకోవాలి. కింది బెర్తు చేతిలో ఉంటే ఎవరితోనైనా మార్చుకోవడం తేలిక. పై బెర్తు పట్టుకుని కింది బెర్తు ఇమ్మని అడగడమే కష్టం.

స్టీరింగ్ బాబాయ్
బుధవారం, ఉదయం 11:10

అమ్మా శ్రావణీ, నేను ఆర్టీసీలో 28 ఏళ్లు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్లు ఈ లైన్లోనే. బస్సు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెబుతున్నాను.

నీకు బస్సులో ఒక సుళువు ఉంది. వైజాగ్ ఊళ్లోంచి శ్రీకాకుళం వెళ్లే బస్సు ఎక్కితే అది మధురవాడ మీదుగానే పోతుంది. హైవే మీద దిగి ఆటో ఎక్కితే ఇల్లు. ఇక్కడ కూడా నిజాంపేట క్రాస్‌రోడ్స్‌లోనో కేపీహెచ్‌బీలోనో ఎక్కొచ్చు. రెండు వైపులా క్యాబ్ ఖర్చు లేదు. రైలుకు, ఫ్లైట్‌కి ఈ వీలు లేదు.

కానీ కేపీహెచ్‌బీలో 7 గంటలకు ఎక్కినవాళ్లు 7కే ఊరు దాటారని అనుకోకూడదు. బస్సు అమీర్‌పేట, లక్డీకాపూల్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్‌లలో ఆగుతూ పోతుంది. హయత్‌నగర్ దాటేసరికి 9. శుక్రవారం ఇంకా ఎక్కువే. అక్కడి నుంచి సూర్యాపేట, విజయవాడ, ఏలూరు, రాజమండ్రి, తుని మీదుగా దాదాపు 620 కిలోమీటర్లు. మధురవాడ చేరేసరికి ఏడున్నర, ఎనిమిది. వర్షమో, రోడ్డు పనులో ఉంటే ఇంకో గంట.

బాత్రూమ్ సంగతే నాకు బెంగ. రాత్రి భోజనానికి ఒకసారి ఆపుతాం, తెల్లవారుజామున టీకి ఇంకోసారి. ఆ మధ్యలో నాలుగైదు గంటలు. అడిగితే బంకు దగ్గర ఆపుతాం, నేనైతే ఎప్పుడూ కాదనలేదు. కానీ రాత్రి రెండింటికి, మూడింటికి పెద్దావిడ లేచి వచ్చి డ్రైవర్‌ని అడగడానికి మొహమాటపడుతుంది. ఆ మొహమాటంతో సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. మా అక్క అలాగే చేసి దిగేసరికి కళ్లు తిరిగి పడిపోయింది. మీ అత్తగారి విషయంలో నేను బస్సు వద్దనే చెబుతాను.

వేరేవాళ్లు ఎవరైనా ఇది చదివితే, వాళ్ల కోసం ఒక మాట. స్లీపర్‌లో రెండు ఇరుసుల మధ్య, అంటే బస్సు నడుమ భాగంలో కింది బెర్తు తీసుకోండి. వెనక చక్రాల వెనక ఉన్న బెర్తులో ప్రతి గుంతా నడుముకు తగులుతుంది. పై బెర్తులో ఊపు ఎక్కువ, లేన్ మారినప్పుడల్లా ఒళ్లు దొర్లుతుంది.

అమ్ములు_వనస్థలిపురం
బుధవారం, మధ్యాహ్నం 1:05

బాబాయ్‌గారు బాగా చెప్పారు. కానీ నాకు స్లీపర్ బస్సు అంటేనే భయం పట్టుకుంది. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్–బెంగళూరు బస్సు కాలిపోయిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఎవరినీ ఎక్కనివ్వడం లేదు. అందరూ గాఢనిద్రలో ఉన్నారు, పై బెర్తులవాళ్లు దిగే లోపే పొగ నిండిపోయింది. పెద్దావిడ, చిన్నపిల్లాడు అలాంటప్పుడు ఎలా బయటపడతారు?

స్టీరింగ్ బాబాయ్
బుధవారం, మధ్యాహ్నం 2:40

అమ్మా, నీ భయం అబద్ధం కాదు. ఆ బస్సు కింద బైకు ఇరుక్కుంది, దాన్ని ఈడ్చుకుపోవడంతో మంటలు రేగాయి. స్లీపర్‌లో నడిచే దారి సన్నం, కర్టెన్లు, పరుపులు అన్నీ అంటుకునేవే. ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూసుకోవాలి. సుత్తి లేకపోతే గట్టిగా అడగాలి. సీటింగ్ బస్సులో అయితే బయటపడటం కొంచెం నయం. డ్రైవర్లు ఇద్దరున్నారా అని కూడా అడగండి. రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఒక్కడే నడపడం ఎంత కష్టమో నాకు తెలుసు.

అయినా వేల బస్సులు రోజూ పోతూనే ఉన్నాయి. అసలు ఎక్కొద్దు అని నేను అనలేను.

అమ్ములు_వనస్థలిపురం
బుధవారం, మధ్యాహ్నం 2:58

మీ అనుభవం మీద గౌరవం ఉంది బాబాయ్‌గారూ. నేను మాత్రం ఎక్కనివ్వను.

బెంగళూరు వెంకట్
బుధవారం, సాయంత్రం 6:20

నాది వేరే దారి, బెంగళూరు–హైదరాబాద్. అక్కడ మాత్రం నేను బస్సుకే ఓటేస్తాను. మా ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో. ఎయిర్‌పోర్టు దేవనహళ్లిలో, అక్కడికి వెళ్లడానికే సగం ప్రాణం పోతుంది. రాత్రి 9:30కి బస్సు ఎక్కితే పొద్దున 7కి మియాపూర్. నాకు 31 ఏళ్లు, ఎక్కడైనా నిద్రపడుతుంది. పెద్దవాళ్ల సంగతి నాకు తెలియదు. ఇంతకీ బెంగళూరు–వైజాగ్ ఎవరైనా రైల్లో వెళ్లారా? ప్రశాంతి మంచిదా?

హైటెక్ రవి
బుధవారం, రాత్రి 8:45

గోదావరి పాసింజర్‌గారి లెక్క చదివాను. గడప నుంచి గడప అన్న మాట ఒప్పుకుంటాను, కానీ డబ్బు కూడా వేసి చూడండి. ముగ్గురికి ఫ్లైట్ ₹14,400. క్యాబ్‌లు ఇక్కడ ₹1,100, అక్కడ ₹700. మొత్తం ₹16,200. రైలుకు ముగ్గురికి ₹3,450, రెండు వైపులా క్యాబ్ ₹900 అనుకుంటే ₹4,350. తేడా ₹11,850. నిజమే, పెద్ద తేడానే. కానీ ఆవిడ ఆరోగ్యం బాగా లేనప్పుడు, ఇంట్లో శుభకార్యం ఉన్నప్పుడు, సంవత్సరానికి ఒకసారి ఆ డబ్బు పెట్టొచ్చు కదా? సగం రోజు సెలవు కూడా మిగులుతుంది. మా అమ్మ విషయంలో నేను అదే చేశాను, ఇప్పటికీ మంచి పని చేశాననే అనుకుంటాను.

గోదావరి పాసింజర్
బుధవారం, రాత్రి 9:30

రవిగారూ, శుక్రవారం రాత్రి ఫ్లైట్ అయితే నేనూ కాదనను. నా అభ్యంతరం తెల్లవారుజాము ఫ్లైట్‌కే. నాకు కనిపించే తేడా ఇది: ఫ్లైట్‌లో సమయం తక్కువే గానీ అది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. క్యాబ్, క్యూ, తనిఖీ, గేటు, బస్సు, సీటు, మళ్లీ క్యూ. నడవలేనివాళ్లు ఆరేడు సార్లు లేచి కూర్చోవాలి. వీల్‌చైర్ ముందే చెప్పుకుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది, దానికి డబ్బు కూడా తీసుకోరు. రైల్లో ఒకసారి ఎక్కితే తెల్లారి దిగేదాకా ఆవిడ బెర్తు ఆవిడదే. బాత్రూమ్ పది అడుగుల్లో ఉంటుంది.

రైల్లో నిద్ర గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. గోదావరి 11 ప్రాంతంలో విజయవాడ చేరుతుంది. అక్కడ జనం ఎక్కుతారు, లైట్లు వేస్తారు, పెట్టెలు లాగుతారు. ఆవిడకు తప్పకుండా మెలకువ వస్తుంది. విజయవాడ దాటాక రాజమండ్రి దాకా బాగా నిద్రపడుతుంది. తునిలో, అనకాపల్లిలో దిగేవాళ్లు లేస్తుంటారు. మొత్తం ఐదారు గంటల నిద్ర అనుకోండి. ఇంట్లో పడుకున్నట్టు ఉండదు. తలుపు పక్క బెర్తు వస్తే తలుపు చప్పుడు రాత్రంతా ఉంటుంది. పెట్టె నడుమ వచ్చే బెర్తులు, అంటే 25 నుంచి 48 దాకా ఉన్నవి నయం.

నిజాంపేట శ్రావణి
గురువారం, ఉదయం 7:15

అందరికీ చాలా థాంక్స్. రాత్రి అత్తయ్యగారితో కూర్చుని అన్నీ చదివి వినిపించాను. ఆవిడ ఎప్పుడూ ఫ్లైట్ ఎక్కలేదు, ఆ టెన్షన్ వద్దన్నారు. బాబాయ్‌గారు నీళ్లు తాగడం మానేస్తారని రాసింది వినగానే, ‘‘అవును, నేనూ అలాగే చేస్తాను’’ అన్నారు. కాబట్టి బస్సు వద్దని తేలిపోయింది. సెలవు అడిగాను, ఇచ్చారు. గోదావరికి వెళ్లేటప్పటి టికెట్లు తీసుకున్నాను. ఆవిడకు విడిగా, కింది బెర్తు కోటాలో. బాబుకు బెర్తు లేకుండా సగం టికెట్ తీసుకోవాలా అనుకున్నాను, కానీ ఒక్క బెర్తు మీద ఏడేళ్ల పిల్లాడితో నాకు నిద్ర ఉండదని పూర్తి టికెట్టే తీసుకున్నాను.

ఇప్పుడు తిరుగు ప్రయాణమే సమస్య. ఆదివారం అన్ని బండ్లూ నిండిపోయాయి. గోదావరిలో వెయిటింగ్ లిస్ట్ GNWL 31 చూపిస్తోంది. భువనేశ్వర్ నుంచి వచ్చే ఒక బండిలో RLWL 12 ఉంది. 12 చిన్న సంఖ్య కదా, అది తీసుకోవాలా?

గోదావరి పాసింజర్
గురువారం, ఉదయం 8:05

సంఖ్య చూసి మోసపోవద్దు. గోదావరి వైజాగ్‌లోనే మొదలవుతుంది. GNWL అంటే జనరల్ కోటాలో ఎక్కడ టికెట్ రద్దయినా ఆ ఖాళీ మీ వరుసకు వస్తుంది, బండిలో ఎక్కువ బెర్తులు ఆ కోటావే. భువనేశ్వర్ బండిలో వైజాగ్‌కు కేటాయించినవి కొన్నే బెర్తులు. ఆ కొన్నింటిలో ఎవరైనా రద్దు చేసుకుంటేనే RLWL కదులుతుంది. పైగా దూరం నుంచి వచ్చే బండి ఆలస్యమయ్యే అవకాశం ఎక్కువ, మీకేమో సోమవారం ఆఫీసు ఉంది. నేనైతే 31 తీసుకుంటాను, 12 తీసుకోను.

అయినా ఆదివారం రాత్రి కాబట్టి కచ్చితంగా వస్తుందని చెప్పలేను. 60 రోజుల ముందు టికెట్లు తెరిచిన రోజే ఉదయం 8కి తీసుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఒక్కటి మేలు: ఇదివరకు బండి బయలుదేరే నాలుగు గంటల ముందు ఛార్ట్ వచ్చేది, ఇప్పుడు సాయంత్రం బండికి పొద్దున్నే వచ్చేస్తోంది. టికెట్ రాలేదని ఆదివారం పొద్దున తెలిస్తే, ఇంకో ఏర్పాటు చేసుకోవడానికి పగలంతా మీ చేతిలో ఉంటుంది. శనివారం ఉదయం 10కి ఏసీ తత్కాల్ తెరుస్తారు. ఆధార్ జోడించిన ఖాతా ఉండాలి. మీకది గృహప్రవేశం వేళ కాబట్టి, ఆ పని మీ వారి చేతిలో పెట్టండి.

గాజువాక నుంచి
గురువారం, మధ్యాహ్నం 12:30

వైజాగ్ వైపు నుంచి ఒక మాట. ఆదివారం సాయంత్రం గోదావరి 5 దాటాక బయలుదేరుతుంది. మధురవాడ నుంచి స్టేషన్‌కి ఆదివారం మూడున్నరకే కదలండి. బీచ్‌కి వచ్చినవాళ్ల బళ్లతో మద్దిలపాలెం, గురుద్వారా దగ్గర ఇరుక్కుంటారు. మా చెల్లికి పోయిన నెల అలాగే బండి తప్పిపోయింది.

నిజాంపేట శ్రావణి
సోమవారం, రాత్రి 9:10

ఐదు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. ప్రయాణం ఎలా జరిగిందో చెప్పకపోతే మీ అందరి సాయానికి న్యాయం చేసినట్టు కాదు.

వెళ్లేటప్పుడు కేపీహెచ్‌బీ నుంచి మెట్రోలో నాంపల్లి వెళ్లాం. క్యాబ్ అనుకున్నాం గానీ, ఎరుపు లైన్ నేరుగా స్టేషన్ దగ్గరికే వెళ్తుందని మా పక్కింటావిడ చెప్పింది. లిఫ్టులు ఉన్నాయి, నలభై నిమిషాల్లో చేరాం, ట్రాఫిక్ బాధ లేదు. పెట్టెలు రెండే కాబట్టి కుదిరింది. ఎక్కువ ఉంటే నేనొక్కదాన్నీ మోయలేకపోయేదాన్ని. గోదావరిపాసింజర్‌గారు చెప్పినట్టే బండి ముందే పెట్టి ఉంది. అత్తయ్యగారికి కింది బెర్తు వచ్చింది, మాది అదే పెట్టెలో కొంచెం అవతల. ఒక ఇంజినీరింగ్ అబ్బాయి అడగగానే మారాడు.

విజయవాడలో అందరికీ మెలకువ వచ్చింది. దువ్వాడలో నలభై నిమిషాలు ఆపారు. అప్పుడు మాత్రం నాకు గుండె దడదడలాడింది. అయినా ఏడున్నర దాటాక ఇంట్లో ఉన్నాం. ఆవిడ వేడినీళ్ల స్నానం చేసి, గంటసేపు నడుం వాల్చి, ముహూర్తానికి పట్టుచీర కట్టుకుని పీటల పక్కనే కూర్చున్నారు. గరీబ్‌రథ్ ఎక్కి ఉంటే ఆ గంట ఉండేది కాదు.

తిరుగు ప్రయాణంలో తత్కాల్ దొరకలేదు. అంతకుముందు గోదావరిలో తీసుకున్న GNWL టికెట్ మీదే ఆదివారం పొద్దున ఛార్ట్ చూస్తే ఒకరికి పై బెర్తు, ఇద్దరికి ఆర్‌ఏసీ వచ్చాయి. ఆర్‌ఏసీ అంటే ఇద్దరికి కలిపి పక్క కింది బెర్తు ఒకటే. అది అత్తయ్యగారికి, బాబుకు ఇచ్చి నేను పైకి ఎక్కాను. బాబు చిన్నవాడు కాబట్టి ఆవిడ కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకున్నాడు. ఆవిడకు మాత్రం కాళ్లు పూర్తిగా చాపుకునే వీలు లేక తెల్లారేసరికి మోకాళ్లు పట్టేశాయి. నేను 10:20కి ఆఫీసుకు వెళ్లాను. ఆవిడ ఈరోజంతా మంచం మీదే ఉన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఫ్లైట్ తీసుకోవాల్సిందేమో అని ఇప్పటికీ అనిపిస్తోంది రవిగారూ.

హైటెక్ రవి
సోమవారం, రాత్రి 9:48

అత్తయ్యగారికి వేడినీళ్ల కాపడం పెట్టండి, రెండు రోజుల్లో సర్దుకుంటుంది. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు ఫ్లైట్ అని ఎవరం ఆలోచించలేదు. ముహూర్తం ముందు ఖాళీ సమయం కావాలి కాబట్టి వెళ్లేటప్పుడు గోదావరి సరిపోయింది. సోమవారం తెల్లవారుజాము ఫ్లైట్ అయితే మీ ఆఫీసుకు అందేది, కానీ మళ్లీ మూడింటికి లేవాలి. ఆదివారం రాత్రి ఫ్లైట్ ఎంత ఉందో చూశారా?

నిజాంపేట శ్రావణి
సోమవారం, రాత్రి 10:02

చూశాను. శనివారం సాయంత్రానికి మనిషికి ₹7,900 అయిపోయింది. ఐదు వారాల ముందు చూసుకోలేదు, అదే పొరపాటు.

చిట్టివలస
సోమవారం, రాత్రి 10:20

అక్కా, ఎయిర్‌పోర్టు భోగాపురానికి మారితే మధురవాడ వాళ్లకు ఇంకా సుళువు కదా? హైవే మీద నేరుగా రావొచ్చు.

గాజువాక నుంచి
సోమవారం, రాత్రి 10:41

మధురవాడకు సుళువే. గాజువాక నుంచి భోగాపురం అంటే మేం ఊరంతా దాటాలి. మాకు ఇక రైలే దిక్కు. మాకైతే బండిని దువ్వాడలో ఆపినా బాధ లేదు, అక్కడే దిగిపోతాం.